ఇరవై ఒక్క కిలోల షక్

నా షక్ అంతా ఇరవై ఒక్క కిలోల మీద మొదలైంది.

అబ్బా పోయినప్పటి నుంచి మా రెండున్నర ఎకరాలు భాయిజానే చేస్తున్నాడు. నల్గొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద పొలం. పండిన వడ్లు మార్కెట్‌కి పోగా, తిండికి పది బస్తాలు ఇంట్లో ఉంచుతాం. అందులో ఒక బస్తా అమ్మీ ఎప్పటికీ పట్టించనివ్వదు. కొత్త పంట ఇంట్లోకి వచ్చేదాకా అది మూలన అట్లాగే ఉండాలి, బర్కత్ బస్తా అంటుంది. మిగిలిన తొమ్మిది బస్తాలు గిర్నికి పోతాయి. వచ్చిన బియ్యాన్ని మూడు వాటాలు చేస్తారు. అమ్మీ, భాయిజాన్ వాళ్లది ఒకటి, ఆపాది ఒకటి, హైదరాబాద్‌లో ఉన్న నాది ఒకటి. ఏటా నా వాటాకి నూట ముప్పై కిలోలు, అటు ఇటుగా వచ్చేవి. ఈసారి నూట తొమ్మిది వచ్చాయి.

ఇరవై ఒక్క కిలోలంటే మా ఇంట్లో నెలకి తక్కువ పడే తిండి. అడగకుండా ఊరుకోవాల్సింది. కానీ జర్నలిస్టు బుద్ధి కదా, కాగితం మీద మూడు వాటాలూ కూడి చూశాను. తొమ్మిది బస్తాలకి మూడు క్వింటాళ్ల తొంభై రావాల్సింది, మూడు క్వింటాళ్ల ఇరవై ఎనిమిదే వచ్చింది. అరవై కిలోలకు పైగా గాయబ్. ఫోన్ చేసి, సలాం పూర్తయ్యీ కాకముందే అడిగేశాను: "బీచ్‌మే కౌన్ ఖాలియే భాయిజాన్?"

నవ్వుతూనే అన్నాననుకున్నాను. ఆయన నవ్వలేదు. కాసేపు ఖామోష్‌గా ఉండి, "హిసాబ్ కావాలంటే ఇంటికొచ్చి చూసుకో" అని పెట్టేశాడు. తర్వాత నెల రోజులు ఆయన నుంచి ఫోన్ లేదు. అమ్మీ ఫోన్ చేసినప్పుడు వెనకాల ఆయన గొంతు వినపడేది, నా దాకా వచ్చేది కాదు.

బక్రీద్‌కి ఊరెళ్లాను. గలే మిలాం, కానీ గలే మిలడంలోనూ రకాలుంటాయని మీకు తెలుసు. ఖుర్బానీ పని అయ్యాక, రెండో రోజు మధ్యాహ్నం, ఆయనే అమ్మీ ముందుకొచ్చి అన్నాడు: "బర్కత్ బస్తా ఇవ్వు అమ్మీ. అదే మాల్. వీడి కళ్ల ముందే పట్టిద్దాం." అమ్మీ ఒక నిమిషం బస్తా వైపు చూసి, "తీస్కో" అంది. నా జిందగీలో ఆ బస్తా పంటకు ముందు కదలడం అదే మొదలు.

ఇక్కడ అమ్మీ హిసాబ్ సంగతి చెప్పాలి. అమ్మీకి ఫీసద్‌లు తెలియవు. నేను ఉర్దూ మీడియంలో ఫీసద్ అని నేర్చుకుని, డిగ్రీలో శాతం అని మళ్లీ నేర్చుకున్నాను. ఆమెకి ఆ రెండూ అక్కర్లేదు. రెండు మానికల వడ్లకి ఒక మానిక బియ్యం, అంతే. నేనేమో బరువులో మూడొంతులకి రెండొంతులు రావాలి అని వాదించేవాణ్ని. మా ఇద్దరి లెక్కా నిజమే. వడ్ల గింజ మీద పొట్టు ఉంటుంది, గింజకీ గింజకీ మధ్య గాలి ఉంటుంది. అందుకే వడ్లు తేలిక, అదే మానికలో బియ్యం బరువు. మానికతో కొలిస్తే సగం, తరాజుతో తూస్తే మూడింట రెండు. ఇంట్లో ఒకరు మానికతో, గిర్నిలో ఇంకొకరు కాంటాతో లెక్కేసుకుంటే చాలు, దొంగ లేకుండానే దొంగతనం జరిగినట్టు కనిపిస్తుంది.

బస్తాని ముందు కాంటా మీద పెట్టాం. అరవై ఏడు కిలోలు. నేను భాయిజాన్ మొహం చూశాను. కల్లంలో కట్టినప్పుడు డెబ్భై కిలోల బస్తా అది. మూడు కిలోలు ఏమయ్యాయి? ఇంట్లో ఎలుకలకి కూడా ఆ బస్తా దగ్గరికి వెళ్లే హిమ్మత్ లేదు.

"హవా ఖాలీ" అన్నాడు భాయిజాన్. గాలి తినేసింది.

ఎగతాళి అనుకున్నాను కానీ అది పక్కా లెక్క. కోసి తూర్పారబట్టినప్పుడు వడ్లలో తేమ పదిహేడు శాతం దగ్గర ఉంది. కొనుగోలు కేంద్రంలో తీసుకునే హద్దు కూడా అదే. పదిహేడు శాతం తేమ అంటే డెబ్భై కిలోల్లో దాదాపు పన్నెండు కిలోలు నీళ్లు, అసలు సరుకు యాభై ఎనిమిది కిలోలు. కానీ ఆ తేమతో గిర్నిలో వేస్తే గింజ మెత్తగా నలుగుతుంది, తౌడు సరిగా ఊడదు. పదమూడు పద్నాలుగుకి ఆరబెట్టి వేస్తారు. అదే యాభై ఎనిమిది కిలోల సరుకు పదమూడు శాతం తేమతో ఉంటే మొత్తం అరవై ఏడు కిలోలే తూగుతుంది. గింజ ఒక్కటీ పోలేదు, నీళ్లు పోయాయి. భాయిజాన్ తొమ్మిది బస్తాలూ అట్లా ఆరబెట్టే పట్టించాడు. అంటే బస్తాకి మూడు చొప్పున ఇరవై ఏడు కిలోలు గిర్ని తలుపు చూడకముందే తగ్గాయి. నేను మాత్రం బియ్యాన్ని డెబ్భై కిలోల బస్తాతో భాగించుకుంటూ కూర్చున్నాను.

కానీ గాలి ఏటా తింటుంది కదా. ఏటా వచ్చే మూడు క్వింటాళ్ల తొంభైలో కూడా ఈ తరుగు ఉండే ఉంటుంది. ఈసారి తగ్గిన అరవై కిలోలకి జవాబు ఇంకెక్కడో ఉందన్నమాట. ఆ మాట నేను అనకముందే భాయిజాన్ బస్తా మూతి విప్పి, గుప్పెడు వడ్లు నా చేతిలో పోశాడు. "పొట్టు తీసి చూడు."

ఇద్దరం మెట్ల మీద కూర్చుని గోళ్లతో పొట్టు వలిచాం, యాభై గింజలు. వాటిని అద్దం ముక్క మీద పరిచి, కింద నుంచి ఫోన్ టార్చి వేశాడు. మంచి గింజ వెలుగులో మబ్బు లేకుండా, ఒకే తీరుగా కనిపిస్తుంది. ఈ గింజల్లో చాలా వాటికి అడ్డంగా సన్నటి నల్లని గీతలున్నాయి. కొన్నింటికి ఒకటి, కొన్నింటికి రెండు మూడు. యాభైలో ఇరవై మూడు గింజలకి గీతలు తేలాయి. పైకి చూస్తే నిండు గింజలే. పొట్టు లోపలే పగిలిపోయి ఉన్నాయి. పొట్టు పట్టి ఉంచబట్టి నిలబడ్డాయి, గిర్నిలో పొట్టు ఊడగానే రెండు ముక్కలవుతాయి.

ఏటా మేం తిండికి ఉంచేది వానాకాలం సాంబ మసూరి. అది నవంబరు, డిసెంబరు చల్లదనంలో నెమ్మదిగా ఆరుతుంది. ఈసారి ఆపా బిడ్డ నికాహ్ ఖర్చుకని వానాకాలం వడ్లు మొత్తం అమ్మేశారు. తిండికి యాసంగి 1010 రకమే మిగిలింది. పొడుగాటి సన్న గింజ. ఏప్రిల్, మే ఎండలో కోతకొస్తుంది. ఎండకి గింజ పైభాగం త్వరగా ఆరుతుంది, లోపలి భాగం ఇంకా తడిగా ఉంటుంది. పైభాగం ముడుచుకుంటే లోపలిది ఒప్పుకోదు, దాంతో గింజ చిట్లుతుంది. దానికంటే పెద్ద నుక్సాన్ ఇంకొకటుంది. బాగా ఆరిన గింజ మళ్లీ తడవడం. ఎండిన గింజ మీద వాన పడితే పైభాగం నీళ్లు తాగి ఉబ్బుతుంది, లోపల ఎండుగానే ఉంటుంది. ఆ లాగుడుకి ఒక్క రాత్రిలో గింజ అడ్డంగా పగులుతుంది. తెల్లారి మళ్లీ ఎండబెడితే పైకి ఏం తేడా కనిపించదు. తేమ మిషన్ పెట్టినా బ్రహ్మాండంగా ఉన్నాయంటుంది. పగులు మాత్రం మానదు.

"రోడ్డు మీద ఆరబోశాను. మూడో రోజు సాయంత్రం వాన పడింది" అన్నాడు భాయిజాన్. పట్టాలు కప్పలేదా అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా బస్తా మూతి కట్టుకుంటున్నాడు. అమ్మీ గుమ్మంలోంచి మామూలుగా, కొత్తిమీర తుంచుతూ అంది: "ఆ రోజే కదరా నా మోతిబిందు ఆపరేషన్‌కని హైదరాబాద్ తీసుకొచ్చింది. నీకు ఎలక్షన్ల పని, సెలవు దొరకలేదన్నావ్."

నేను ఏం మాట్లాడలేదు. భాయిజాన్ బస్తాని బండికెత్తాడు.

గిర్ని మా ఊరి చివర ఉంది. మిర్యాలగూడ వైపు ఉండే పెద్ద మిల్లుల లాంటిది కాదు, ఊళ్లో వాళ్ల బస్తాలు పట్టే చిన్న గిర్ని. సేఠ్ అబ్బాకి బాగా తెలిసిన మనిషి. విషయం చెప్పగానే మొహం కొంచెం మారింది కానీ కాదనలేదు. మిల్లు డ్రైవర్‌ని పిలిచి ముందు మిషన్ ఖాళీగా తిప్పమన్నాడు. ఇది ముఖ్యం. మిషన్ కడుపులో ఎప్పుడూ ఇంతకు ముందు పట్టించినవాళ్ల గింజలు కొన్ని నిలిచి ఉంటాయి. ఒక్క బస్తా హిసాబ్ చూసుకోవాలనుకుంటే మిషన్ ఖాళీ చేయకుండా మొదలుపెట్టకూడదు. లేకపోతే ఒకరి మాల్ ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

వడ్లు ముందు జల్లెడ మీదికి పోయాయి. మట్టి, గడ్డి, తాలు అక్కడ పోతాయి. తర్వాత రబ్బరు రోలర్లు. రెండు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతాయి, ఒకటి ఎక్కువ వేగం, ఒకటి తక్కువ. ఆ తేడాకే పొట్టు ఒరుసుకుని ఊడుతుంది. ఫ్యాన్ ఊకని బయటికి ఊదేస్తుంది. పొట్టు ఊడని వడ్లు వేరుపడి మళ్లీ రోలర్ల దగ్గరికి వెళ్తాయి. అక్కడి నుంచి వచ్చింది ముడిబియ్యం, గోధుమ రంగులో ఉంటుంది. అది పాలిష్ మిషన్‌లో ఒరిపిడికి తెల్లబడుతుంది, ఒలిచిన పొర తౌడై పక్క గొట్టంలోంచి పడుతుంది. చివర జల్లెడ బియ్యాన్ని, నూకల్ని వేరు చేస్తుంది.

తౌడు గొట్టానికి ఒక సంచి కట్టాం, నూకల దగ్గర ఇంకొకటి. ఊక మాత్రం గోడ అవతల కుప్ప మీద పడుతుంది, దాన్ని పట్టుకోలేం. కాబట్టి మిగతావన్నీ తూచి, తక్కువ పడింది ఊకది, తాలుది అనుకున్నాం. అరగంటలో పని అయిపోయింది. కాంటా దగ్గర నేనే పెన్ను పట్టుకున్నాను.

తౌడు ఐదు కిలోల ఏడువందలు. బియ్యం సంచి ముప్పై ఆరున్నర. నూకలు తొమ్మిది. అరవై ఏడు కిలోల్లో ఇవి పోగా మిగిలింది పదిహేను కిలోల ఎనిమిదివందలు, ఊక, తాలు, దుమ్ము అన్నీ కలిపి. వందకి ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఒక్క ఊకే వందకి ఇరవై, ఇరవై రెండు ఉంటుంది. రోడ్డు మీద ఆరబోసిన వడ్లలో కొంచెం తాలు, మట్టి కలిస్తే ఇది సరిపోయే లెక్క.

ఇప్పుడు చూడండి. బియ్యం, నూకలు కలిపితే నలభై ఐదున్నర కిలోలు. అరవై ఏడుకి ఇది అరవై ఎనిమిది శాతం. ఏ మంచి సంవత్సరంలోనైనా మాకు వచ్చేది ఇంచుమించు ఇంతే. దిగుబడి పెద్దగా తగ్గలేదు. వానాకాలంలో బస్తాకి నాలుగు కిలోల లోపు ఉండే నూకలు ఈసారి తొమ్మిదయ్యాయి. బియ్యం సంచిలో చేయి పెట్టి చూస్తే అందులోనూ ముప్పావు ముక్కలు బోలెడు. నిండు గింజలు ఏరి తూస్తే ఇరవై ఏడు కిలోలకి మించకపోవచ్చన్నాడు డ్రైవర్. మా ఇంట్లో బేగం నెల రోజులుగా అంటూనే ఉంది, ఈ బియ్యంతో బిర్యానీ వండితే ఖిచ్డీ అవుతోందని. జవాబు నా దస్తర్‌ఖాన్ మీదే ఉంది, నేను కాగితం మీద వెతికాను.

మరి ఆ నూకలేమయ్యాయి? అబ్బా కాలం నుంచి ఉన్న మాట ఒకటే: పట్టుడు కూలీ లేదు, తౌడూ నూకలూ గిర్నికే. డబ్బు చేతులు మారదు, అందరికీ ఆసాన్. మన ఇళ్లల్లో చాలామంది ఇట్లాగే పట్టిస్తారు. గిర్నివాడు మజ్దూరీ తీసుకోడంలేదు, మంచి మనిషి అనుకుంటారు. ఆ రోజు అక్కడే సేఠ్ టేబుల్ మీద లెక్క వేశాం, ఆయన చెప్పిన రేట్లతోనే. డబ్బిచ్చి పట్టించుకుంటే కిలో వడ్లకి రెండు రూపాయలు. బస్తాకి నూట ముప్పై నాలుగు. తౌడు కిలో ఇరవై, నూకలు కిలో ఇరవై నాలుగు.

వానాకాలం బస్తాలో తౌడు ఐదున్నర కిలోలకి నూట పది, నూకలు నాలుగు కిలోలకి తొంభై ఆరు. మొత్తం రెండు వందల ఆరు రూపాయల మాల్ ఇచ్చి నూట ముప్పై, నూట నలభై రూపాయల పని చేయించుకున్నట్టు. డెబ్భై రూపాయల తేడా. సేఠ్ ఆ తౌడుని అమ్ముకోవాలి, సంచులు కట్టాలి, రేటు పడిపోతే భరించాలి. అబ్బా దీన్ని ఇంసాఫ్ అనుకున్నాడంటే నేను కాదనను.

ఈసారి బస్తాలో తౌడు నూట పద్నాలుగు, నూకలు తొమ్మిది కిలోలకి రెండు వందల పదహారు. మూడు వందల ముప్పై రూపాయలు. పని అదే, కరెంటు అదే, అరగంట అదే. బస్తాకి దాదాపు రెండు వందలు ఎక్కువ వెళ్లింది. తొమ్మిది బస్తాలకి పదిహేడు వందల పైచిలుకు. సేఠ్ దొంగతనం చేయలేదు. ఒప్పందమే అట్లా ఉంది: మా గింజ ఎంత పాడైతే ఆయన మజ్దూరీ అంత పెరుగుతుంది. వాన పడ్డ సంవత్సరం మాకు నుక్సాన్, అదే సంవత్సరం ఆయనకి ఫాయిదా.

ఇంకోటి కూడా ఉంది, అది భాయిజాన్ చెప్పాడు, సేఠ్ లోపలికి వెళ్లినప్పుడు. పాలిష్ మిషన్‌లో ఒత్తిడి పెంచే చక్రం ఒకటుంటుంది. బిగిస్తే బియ్యం తెల్లగా వస్తుంది, మనమూ ఖుష్. కానీ తౌడు పొర అయిపోయాక కూడా ఒరుస్తుంటే పోయేది అసలు బియ్యమే. తౌడు ఎవరిదో, ఆ చక్రం ఎంత తిప్పాలో నిర్ణయించేదీ వాళ్లే. నలభై ఐదు రూపాయల బియ్యం పిండి అయి ఇరవై రూపాయల తౌడులో కలిసిపోతుంది, అదీ మనది కాని తౌడులో.

దాన్ని ఎట్లా పట్టుకోవాలో కూడా చూపించాడు. తౌడు అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలపాలి. మంచి తౌడు మెత్తగా, జిడ్డుగా అంటుకుంటుంది. రవ్వలా గరగరలాడితే సన్న నూక అందులోకి పోతున్నట్టు, జల్లెడ చిరిగిందో ఒత్తిడి ఎక్కువైందో అన్నట్టు. మరీ తెల్లగా, పొడిపొడిగా ఉంటే బియ్యం పిండి కలుస్తున్నట్టు. తర్వాత గోడ అవతలికి వెళ్లి ఊక కుప్పలోంచి దోసెడు తీసి ఊదాలి. అందులో నిండు గింజలు, బియ్యం ముక్కలు మిగిలితే ఫ్యాన్ గాలి ఎక్కువైంది, మన మాల్ గోడ దూకుతోంది. మేం రెండూ చూశాం. తౌడు కొంచెం గరగర, అంతే. ఊకలో ఏం లేదు. బియ్యం, నూకలు కలిపి అరవై ఎనిమిది వచ్చాక దొంగని వెతకడానికి ఏం మిగల్లేదు కూడా. ఆరిన, శుభ్రమైన వడ్లకి ఆ రెండూ కలిపి అరవై రెండు, అరవై మూడుకి పడిపోతే అప్పుడు అడగొచ్చు.

ఒక మాట ఒప్పుకోవాలి. 2021, 2022లో యాసంగి వడ్ల మీద రాష్ట్రానికీ కేంద్రానికీ పెద్ద పంచాయతీ నడిచినప్పుడు నేను ఆ వార్తలు రాసినవాణ్నే. బాయిల్డ్ రైస్ తీసుకోం, పచ్చి బియ్యమే ఇవ్వండి అని కేంద్రం, యాసంగి వడ్లు పచ్చిగా పడితే నూకలే వస్తాయి అని రాష్ట్రం. ధర్నాల ఫొటోలు, లీడర్ల మాటలు రాశాను. నూక ఎందుకవుతుందో ఒక్క పేరా రాయలేదు. ప్రభుత్వం కొన్న వడ్లు మిల్లుకి పోతే, క్వింటాల్‌కి పచ్చి బియ్యమైతే అరవై ఏడు కిలోలు, బాయిల్డ్ అయితే అరవై ఎనిమిది కిలోలు తిరిగివ్వాలి. అప్పటి హద్దు ప్రకారం పచ్చి బియ్యంలో నూక పాతిక శాతం దాటకూడదు, బాయిల్డ్‌లో పదహారు దాటకూడదు. మా బస్తాలో నలభై ఐదున్నరకి పద్దెనిమిది కిలోల దాకా ముక్కే, అంటే నలభై శాతం. ఏ మిల్లువాడు తెచ్చినా ఇది గోదాం గేటు దాటదు. అదే వడ్లని నానబెట్టి ఆవిరి పట్టి ఆరబెడితే గింజలోని గంజి ఉడికి, పగుళ్లు అతుక్కుపోతాయి, గింజ గట్టిపడుతుంది. అందుకే యాసంగి మొత్తం బాయిల్డ్ మిల్లుల దారి పట్టింది.

అందులోనూ మజ్దూరీ సంగతి ఇదే. కేంద్రం మిల్లులకి ఇచ్చే చార్జీ ఏళ్లుగా క్వింటాల్‌కి పచ్చికి పది రూపాయలు, బాయిల్డ్‌కి ఇరవై. మా ఊళ్లో క్వింటాల్ పట్టడానికి రెండు వందలు. పది రూపాయలకి ఎవడు చేస్తాడు ఆ పని అని ఎవరైనా అడగాలి కదా. తౌడు, నూక, ఊక మిల్లువే కాబట్టి చేస్తారు. వాటి ధర పెరిగినా ఆ లెక్క సవరించలేదని 2015లో కాగ్ తన నివేదికలో తప్పుపట్టింది. ఆ నివేదిక నా చేతుల మీదుగానే డెస్క్‌కి పోయింది. అప్పుడు నాకు అది ఢిల్లీ వార్త. అమ్మీ మూలన పెట్టే బస్తా వార్త అని తట్టలేదు.

సేఠ్ చాయ్ తెప్పించాడు. భాయిజాన్ మెల్లగా మాట తీశాడు. తౌడూ నూకలూ రెండూ మేమే తీసుకుని నగదు ఇస్తాం అందామనుకున్నాను నేను. ఆయన కళ్లతోనే నక్కో అన్నాడు. తర్వాత బండి మీద చెప్పాడు ఎందుకో. తౌడు ఇంట్లో నిలవదు. పాలిష్ అయిన గంట నుంచే దానిలో నూనె చెడడం మొదలవుతుంది, మూడు నాలుగు రోజుల్లో ముక్క వాసన, చేదు. నూనె మిల్లులకి తాజాగా పోవాలి. మాకున్నది ఒక్క బర్రె. బక్రీద్ ముందైతే బక్రాకి కొంచెం పెడతాం. తొమ్మిది బస్తాల తౌడు యాభై కిలోలు, అది ఇంట్లో పురుగు పట్టడానికే. ఇరవై రూపాయల రేటు సేఠ్ దగ్గరుంటేనే ఇరవై, మా కొట్టంలో దానికి విలువ లేదు. నూకలు అట్లా కాదు, ఆరబెట్టి డబ్బాలో పోస్తే నెలలు ఉంటాయి.

కాబట్టి భాయిజాన్ అడిగింది ఇది: తౌడు మీదే, నూకలు మావి, పైన బస్తాకి ఇరవై రూపాయలిస్తాం. నూట పద్నాలుగు రూపాయల తౌడుకి ఇరవై కలిస్తే నూట ముప్పై నాలుగు, ఆయన చెప్పిన కూలీయే. సేఠ్ కాగితం తన వైపు తిప్పుకుని రెండుసార్లు చూశాడు. "మీ నాయన ఎప్పుడూ ఇట్లా లెక్క అడగలేదు" అన్నాడు. "అబ్బా వడ్లు వానలో తడవలేదు సేఠ్" అన్నాడు భాయిజాన్. సేఠ్ నవ్వి, వచ్చే పంట నుంచి అట్లాగే కానీ అన్నాడు. అయిపోయిన తొమ్మిది బస్తాల నూకలు మేం అడగలేదు. అది పాత మాట ప్రకారం జరిగింది, ఆయన హక్.

తిరిగొచ్చేటప్పుడు బండి నేను నడిపాను. వెనక భాయిజాన్, మధ్యలో బియ్యం, నూకల సంచులు. కాలువ కట్ట దాటాక చెప్పాను, మాఫ్ కర్‌నా భాయిజాన్, ఫోన్‌లో అట్లా అనాల్సింది కాదు అని. ఆయన కాసేపాగి, "ఆ రోజు వాన పడుతుంటే ఆస్పత్రిలో నా ఫోన్‌కి పక్కింటాయన చేస్తూనే ఉన్నాడు. అమ్మీ లోపల ఉంది. నేను ఎత్తలేదు" అన్నాడు.

రాత్రి అమ్మీ ఆ నూకలతోనే గట్క వండింది, పక్కన ఖుర్బానీ గోష్త్ సాలన్. ఆరు నెలల తర్వాత, డిసెంబరులో, భాయిజాన్ నుంచి వాట్సాప్‌లో నాలుగు ఫొటోలొచ్చాయి. కాంటా మీద బస్తా, బియ్యం, తౌడు, నూకలు. కింద ఒక్క లైన్: "నూకలు మూడు కిలోల ఎనిమిదివందలు. ఆపా అన్నీ తనకే కావాలంటోంది, ఇడ్లీకి. నువ్వేమంటావ్?"

ఇచ్చేయమన్నాను.